ముక్క దొరికే దాకా

ఆ కార్ఖానాలో ఆమెను ఎదురుగా అక్కా అనేవారు, వెనకాల కత్తెర అనేవారు. రెండూ కలిపి కత్తెరక్క అనే పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు తనకుందని ఆమెకు తెలుసు. తెలిసి నొచ్చుకోలేదు సరికదా, లోలోపల మురిసిపోయేది. భయపడేవాళ్ళే లేకపోతే మనిషి బతికినట్టా అన్నది ఆమె సిద్ధాంతం.

కార్ఖానా అంటే పెద్ద యంత్రాలు ఊహించుకోనక్కర్లేదు. పొడుగాటి గది, వరుసగా బల్లలు, బల్లకొకటి ఆకుపచ్చ స్పాంజి దిమ్మ, దిమ్మ ముందు ఒక ఆడమనిషి. గాలిలో ఎప్పుడూ ఉన్ని నూగు తేలుతుండేది. కొత్తగా వచ్చినవాళ్ళు వారం పాటు తుమ్ముతూనే ఉండేవారు, పాతవాళ్ళు నవ్వుతూ ఉండేవారు. అక్కడ గుప్పెట్లో పట్టేంత జంతువులు తయారవుతాయి. కుందేళ్ళు, నక్కలు, ఎలుగుపిల్లలు, బాతులు. వాటిని కుట్టరు, అల్లరు. గుచ్చుతారు. అంతే పని. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా గుచ్చడమే.

ఆ సూది మామూలు బట్టలు కుట్టే సూది కాదు. కన్నం ఉండదు, దారం ఎక్కించరు. మూడు అంచుల సూది, ఆ అంచుల మీద చివరి వైపు కంటికి ఆనీ ఆనని గాట్లు. ఉన్నిలో గుచ్చినప్పుడల్లా ఆ గాట్లు పైనున్న పోగుల్ని పట్టుకుని లోపలికి తోస్తాయి. తోసిన పోగు లోపలి పోగులతో చిక్కుపడిపోతుంది. అలా వేలసార్లు గుచ్చితే దూదిలా ఉన్న ఉన్ని బిగిసి బిగిసి బొమ్మవుతుంది. ఒక్కటే జాగ్రత్త. సూది ఏ దారిన దిగిందో ఆ దారినే రావాలి. లోపలుండగా చెయ్యి పక్కకి వంగిందా, టిక్కుమని విరుగుతుంది.

విరిగితే ఏం చెయ్యాలో ఆ గదిలో ఒక కట్టడి ఉంది. బొమ్మలు పోయేది చంటిపిల్లల చేతుల్లోకి, నోళ్ళలోకి. అందుకని విరిగిన సూది ముక్కలు రెండూ చూపిస్తేనే కొత్త సూది ఇస్తారు. పిడి వైపు ముక్క చేతిలోనే ఉంటుంది కాబట్టి గొడవ లేదు. మొన ముక్క కోసమే వెతుకులాట. మొదట స్పాంజి చూడాలి, తర్వాత బల్ల, తర్వాత అయస్కాంతం పట్టుకుని నేల. ఎక్కడా లేకపోతే ఇక మిగిలింది బొమ్మే. బొమ్మను కొయ్యాలి. ముక్క దొరికే దాకా కొయ్యాలి. ఆ వెతికే పని, ఆ కోసే పని కత్తెరక్కవి. ఆమె వెతుకుతున్నప్పుడు ఎవరూ బల్ల దగ్గరికి రాకూడదు. ముక్క ఎవరి చీరకో చెప్పుకో అంటుకుపోతే మళ్ళీ దొరకదు.

కట్టడి మంచిదే. పసివాళ్ళ గొంతులో సూది గుచ్చుకోవడం కంటే ఉన్ని కుందేలు పోవడం నయం. కానీ మంచి కట్టడి చెడ్డ చేతిలో పడితే ఏమవుతుందో చూడాలంటే ఆ గదికే వెళ్ళాలి. కత్తెరక్క కోసే తీరు వేరు. ముక్క చెవిలో ఉంటుందని తెలిసినా పొట్టతో మొదలుపెట్టేది. బొమ్మ చేసినావిడ ఎదురుగానే నిలబడి చూడాలి. కళ్ళు తిప్పుకుంటే, "ఇటు చూడమ్మా, నీ పనితనం నువ్వు చూసుకోకపోతే ఎట్లా?" అనేది. ఏనుగులు చేసే ఒకావిడ అలా నాలుగు రోజుల పని రెండు చెక్కలై పడితే బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. "ఏనుగు చచ్చినా బతికినా ఒకే ధర అంటారుగా, ఏడుపెందుకు?" అని కత్తెరక్క నవ్వింది. ఒక్కతే నవ్వింది.

ఆమె పుట్టుకతోనే కత్తెర పట్టుకుని రాలేదు. ఒకప్పుడు ఆమెకూ ఆ వరుసలో బల్ల ఉండేది. పై పొర వెయ్యడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. మెత్తటి ఉన్ని పొరలు పొరలుగా అడ్డంగా నిలువుగా పరిచి, సన్న సూదిని ఏటవాలుగా పట్టుకుని, మొన మాత్రమే దిగేలా గుచ్చుతుంటే బొమ్మ ఒళ్ళు చిన్నపిల్ల బుగ్గలా నునుపు తేలేది. చిక్కంతా లోముద్దతో. బొమ్మకు లోపల ముతక ఉన్నిని గట్టిగా చుట్టి, లావు సూదితో లోతుగా, నిలువుగా, తిప్పుతూ తిప్పుతూ గుచ్చి ముద్ద చేస్తారు. బొటనవేలితో నొక్కితే సొట్ట పడకూడదు. అది విసుగు పుట్టించే పని, చూసి మెచ్చుకునేవాళ్ళు లేని పని. కత్తెరక్కకు అంత ఓపిక లేదు. వదులుగా చుట్టి, నాలుగు పోట్లు పొడిచి, పైన నునుపు చేసి ఇచ్చేసేది. పైన పటారం, లోన లొటారం.

ఒకరోజు కార్ఖానా యజమాని, అందరూ పెద్దాయన అనే మనిషి, ఆమె నక్కను చేతిలోకి తీసుకుని రెండు వేళ్ళతో నొక్కాడు. నక్క నడుం లోపలికి పోయి మళ్ళీ రాలేదు. ఆయన మాట్లాడకుండా కత్తెర తెప్పించి, గదిలో అందరి ముందూ దాన్ని నిలువునా కోశాడు. లోపల దిండులో దూదిలా ఉంది. "నీకు చెయ్యడం రాదు గానీ, చూడ్డం వచ్చు. ఇది నువ్వే ఉంచుకో" అని అదే కత్తెర ఆమె చేతిలో పెట్టాడు. ఆయన దృష్టిలో అది దయ. ఆ దయను ఆమె ఆ గదిలో ప్రతి ఒక్కరికీ తిరిగి పంచింది.

చెల్లెలు వచ్చింది ఆ తర్వాతే. మొగుడు వదిలేసి పోతే కూతుర్ని చంకనేసుకుని అక్క గుమ్మం ఎక్కింది. కత్తెరక్క మారుమాట లేకుండా లోపలికి రానిచ్చింది. ఆ మాట మాత్రం చెప్పుకోవాలి, రానిచ్చింది, తిండి పెట్టింది. పెట్టిన ప్రతి ముద్దనూ గుర్తుపెట్టుకుంది కూడా. వీధిలో ఎవరు కనబడినా, "ఏం చేస్తాం, తోడబుట్టినది, నడిరోడ్డు మీద వదిలేస్తామా!" అని నిట్టూర్చేది. ఆ నిట్టూర్పులో ఉన్న సుఖం ఆమెకు ఇంకెందులోనూ లేదు. చెల్లెలు రాకముందు ఆమె ఒట్టి కత్తెర. చెల్లెలు వచ్చాక ధర్మాత్మురాలు.

చెల్లెలి చేతికి మొదటి సూది ఇచ్చింది కూడా ఆమే. "నిలువుగా దింపు, నిలువుగా తియ్యి, తిప్పుతూ ఉండు, లేకపోతే స్పాంజికి అతుక్కుపోద్ది" అని నేర్పింది. తనకు రాని ఓపిక చెల్లెలికి ఉందని అప్పుడు తెలియదు. చెల్లెలు చేసిన లోముద్ద నేలకేసి కొడితే టప్పుమని ఎగిరేది. ఆమె బొమ్మలు కొట్ల నుంచి తిరిగి రాలేదు, సొట్టలు పడలేదు. నోట్లో నాలుక లేని మనిషి కావడంతో ఆ సంగతి ఎవరికీ కనబడలేదు కూడా. పెద్దాయనకు తప్ప.

ఆయన ఒకరోజు గదిలోకి వచ్చి ఒక కబురు చెప్పాడు. పెద్ద కొట్టు తాలూకు మనిషి శుక్రవారం మధ్యాహ్నం వస్తాడు. ఆయనకు నచ్చిన కుందేలు ఎవరిదైతే వాళ్ళకే ఇక మీదట నమూనాల పని. నమూనాలు చేసే మనిషికి జీతం పెరుగుతుంది, కార్ఖానా పైనున్న గది కూడా ఇస్తారు. కిటికీ, నీళ్ళ కుళాయి, వేరే తలుపు ఉన్న గది. ఇద్దరి చేతనే కుందేళ్ళు చేయించాడు. ఒకరు పొడుగామె అనే పాత పనిగత్తె, రెండో మనిషి చెల్లెలు.

"అక్కా, ఆ గది వస్తే నీకు మా భారం తగ్గుద్ది" అంది చెల్లెలు ఇంటికొచ్చాక. సంతోషం దాచుకోవడం ఆమెకు రాలేదు. ఆమె కూతురైతే పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఊపేసింది.

"పెద్దమ్మా, నాకు వేరే బల్ల ఉంటుందంట! పుస్తకాలన్నీ పెట్టుకుంటా."

"భారమని నేనెప్పుడన్నా అన్నానా?" అంది కత్తెరక్క. అని, కూరలో ఉప్పు ఎక్కువైందని చెల్లెల్ని తిట్టింది. ఉప్పు సరిగ్గానే ఉంది.

ఆ వారమంతా ఆమె మనసు కుదురుగా లేదు. ఇల్లు ఖాళీ అవుతుంది. పొద్దున కాఫీ తెచ్చి ఇచ్చే చెయ్యి ఉండదు. వీధిలో నిట్టూర్చడానికి సాకు ఉండదు. అన్నిటికంటే పెద్ద బాధ ఒకటుంది. తనను కత్తెరకు తోసేసిన చోటే చెల్లెలు అందలం ఎక్కుతుంది. ఈ మాట ఆమె తనతో తాను ఇంత విడమరిచి చెప్పుకోలేదు. దాన్ని దిగులు అనుకుంది. అది దిగులు కాదు, ఒట్టి కుళ్ళు.

శుక్రవారం పొద్దునకి చెల్లెలి కుందేలు దాదాపు పూర్తయింది. ఒళ్ళు, తల, కాళ్ళు విడివిడిగా చేసి, అతికే చోట పోగులు కుచ్చులా వదిలి, ఆ కుచ్చుల్ని లోపలికి గుచ్చి కలిపేసింది. ఎక్కడ అతికిందో వేలితో తడిమినా తెలియదు. తెల్ల పై పొర సన్న సూదితో బిగిసింది. ఒక చెవి పెట్టింది. రెండోది పెడుతోంది. కుందేల్ని స్పాంజి మీద పక్కకి పడుకోబెట్టి, పల్చటి చెవి మొదలు తలకు ఆనించి గుచ్చుతోంది.

"ఏమ్మా, అయిందా?" అని గుమ్మం దగ్గర్నుంచి పెద్దాయన పిలిచాడు.

చెల్లెలు తల తిప్పింది. తలతో పాటు చెయ్యీ తిరిగింది. టిక్కుమంది.

గదిలో అందరి సూదులూ ఆగిపోయాయి. ఆ చప్పుడు ఎంత చిన్నదైనా అక్కడున్నవాళ్ళ చెవులకు తెలుస్తుంది. చెల్లెలు మొండి సూదిని బల్ల మీద పెట్టి, కట్టడి ప్రకారం రెండు చేతులూ చాచి చూపించి, గోడ దగ్గరికి జరిగి నిలబడింది.

కత్తెరక్క వచ్చింది. బల్ల మీదికి వంగింది. కుందేల్ని పక్కన పెట్టి స్పాంజి మీద బొటనవేలు నొక్కుకుంటూ పోయింది. నడిమధ్యకు వచ్చేసరికి వేలికి చురుక్కుమంది. చెవి పల్చన కదా, సూది దాన్ని దాటి స్పాంజిలోకి దిగి అక్కడే విరిగింది. విరిగిన కొస పైకే ఉంది. ఆమె గోళ్ళతో పట్టి లాగింది. ముక్క వచ్చేసింది.

దొరికింది అని ఒక్క మాట అంటే అయిపోయేది. కొత్త సూది ఇచ్చేవారు, చెవి పూర్తయ్యేది, మధ్యాహ్నానికి కుందేలు కూర్చునేది. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అబద్ధం చెప్పడం ఎందుకు, వచ్చిందనే చెప్పాలి. వచ్చి, వెనక్కి పోయింది. ముక్క రెండు వేళ్ళ సందున ఉండిపోయింది.

"స్పాంజిలో లేదు" అంది.

బల్ల తుడిచింది. నేలమీద అయస్కాంతం తిప్పింది. "ఎక్కడా లేదు" అంది. కత్తెర తీసింది.

"అక్కా" అంది చెల్లెలు. "తల ఒక్కటే కొయ్యి అక్కా. చెవి దగ్గరే కదా గుచ్చాను. ఒళ్ళు వదిలెయ్యి. తల మళ్ళీ చేసి పెట్టేస్తాను, మధ్యాహ్నం లోపు చేసేస్తాను."

న్యాయమైన మాట. వేలెడు పొడుగైనా లేని ముక్క తలలోంచి పొట్టలోకి నడిచి వెళ్ళదు. పెద్దాయన కూడా తలూపబోయాడు.

"సూది ఎటు పోయిందో నువ్వు చూశావా?" అంది కత్తెరక్క. "పసిపిల్ల గొంతులో దిగాక, అయ్యో పొట్టలో ఉందా అనుకుందామా? అందరికీ ఒక న్యాయం, నా చెల్లెలికి ఒక న్యాయమా?"

ఈ మాటతో పెద్దాయన ఊపబోయిన తలను ఆపేశాడు. నిజాన్ని తీసుకొచ్చి అబద్ధానికి కాపలా పెట్టినప్పుడు ఎవరు మాత్రం ఏమనగలరు?

పొట్టతోనే మొదలుపెట్టింది. కత్తెర దిగలేదు. లోముద్ద అంత బిగువుగా ఉంది. రెండు చేతులా పట్టుకుని నొక్కితే కరకరమని తెగింది. తెగిన చోట ఎక్కడా డొల్ల లేదు, వదులు లేదు, సబ్బుబిళ్ళను కోసినట్టు అంచు నుంచి నడుమ దాకా ఒకే బిగువు. అంతమందిని కోసిన ఆ చేతికి అలాంటి లోముద్ద ఎప్పుడూ తగల్లేదు. ఇలాంటిది నేను జన్మలో చెయ్యలేను అని ఆమెకు ఆ క్షణాన తెలిసింది. తెలిశాక ఇంకా గట్టిగా కోసింది. కాళ్ళు కోసింది. మెడ కోసింది. చెల్లెలు కళ్ళు మూసుకుంది.

"కళ్ళు తెరువు" అంది అక్క.

తెరిచింది. కత్తెరక్క ఆఖరికి తల కోసి, ఆ చెక్కలో వేళ్ళు పెట్టి కెలికి, "ఇదిగో" అని ముక్కను పైకెత్తింది. గదంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ముక్కను తెల్ల కాగితం మీద పెట్టింది. కట్టడి ప్రకారం మొండి సూదినీ ముక్కనూ పక్కపక్కన పెట్టి, కలిసిందో లేదో సూది విరిచినవాళ్ళే చూసి చెప్పాలి. చెల్లెలు వంగి చూసింది.

చాలాసేపు చూసింది. ఉన్నిలోంచి తీసిన ముక్క ఏదైనా గాట్లలో పోగులు పట్టుకునే వస్తుంది. ఆ గాట్లున్నదే అందుకు. ఈ ముక్కకు ఒక్క తెల్ల పోగు లేదు. గాట్లలో ఆకుపచ్చ పొడి ఉంది.

చెల్లెలు తలెత్తి అక్క కళ్ళలోకి చూసింది. కత్తెరక్క కూడా అప్పుడే చూసింది ఆ పొడిని. ఇప్పుడు ఈ పిల్ల నోరు తెరిస్తే సరి, ఇన్నాళ్ళ పెత్తనం గంగలో కలుస్తుంది.

"కలిసింది" అంది చెల్లెలు. "నాదే తప్పు. చెయ్యి వంకర పోయింది."

పెద్దాయన నిట్టూర్చాడు. "చూశారా!" అన్నాడు గదికంతటికీ వినబడేలా. "సొంత చెల్లెలని కూడా చూడలేదు. పనంటే ఇదీ." కాగితం మడిచి జేబులో వేసుకున్నాడు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఏనుగులావిడ మాత్రం కొట్టలేదు.

మధ్యాహ్నం కొట్టు మనిషి వచ్చాడు. ఎదురుగా ఒక్క కుందేలే ఉంది. పొడుగామెది. అది పైకి బాగానే ఉంది, లోముద్ద కాస్త వదులు. ఆయన తొందరలో ఉన్నాడు, నొక్కి చూడలేదు, భలే ముద్దుగా ఉందన్నాడు. నమూనాల పని, పై గది పొడుగామెకు పోయాయి. పెద్దాయనకు లోముద్ద సంగతి తెలుసు. అందుకే సాయంత్రం వెళ్ళేముందు చెల్లెల్ని పిలిచి, "రేపట్నుంచి పొడుగామె బొమ్మలకి లోముద్దలు నువ్వు చెయ్యమ్మా. పైపని ఆవిడ చూసుకుంటుంది" అన్నాడు. చెల్లెలు అలాగేనండీ అంది.

పొమ్మనలేక పొగబెట్టేవాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు. పోకుండా పొగబెట్టిన మనిషి బహుశా ఈవిడ ఒక్కతే.

ఇంటికి ఇద్దరూ పక్కపక్కనే నడిచి వచ్చారు. గుమ్మంలోనే పిల్ల ఎదురొచ్చింది.

"అమ్మా, గది వచ్చిందా?"

చెల్లెలు చెప్పులు విప్పుతూ ఉండిపోయింది. కత్తెరక్కే పిల్ల తల నిమిరింది. "మీ అమ్మ సూది విరగ్గొట్టుకుందిరా తల్లీ. ఏం చేస్తాం, చేతకానప్పుడు. మన ఇల్లు మనకి లేదూ?" అంది. పిల్ల తల్లి వంక చూసింది. తల్లి కాదనలేదు. పిల్ల ఇంకేమీ అడక్కుండా లోపలికి వెళ్ళి పుస్తకాల సంచీ మళ్ళీ మంచం కిందికి తోసింది.

వంటింట్లో చెల్లెలు పొయ్యి వెలిగించింది. కూర తరిగింది. వెనక్కి తిరక్కుండానే అంది.

"అక్కా, ముక్క స్పాంజిలోనే దొరికింది కదా."

నీళ్ళు తాగుతున్న కత్తెరక్క గ్లాసు దించింది. "ఎవరన్నారు?"

"గాట్లలో పచ్చ పొడి ఉంది. ఉన్ని పోగు ఒక్కటి లేదు. ఉన్నిలోంచి వస్తే పోగు లేకుండా రాదని నువ్వే కదా నేర్పావు."

దబాయించడానికి కత్తెరక్క నోరు తెరిచింది. దబాయింపు రాలేదు. "తెలిసి మరి అక్కడెందుకు నోరెత్తలేదు?" అంది.

చెల్లెలు ఇటు తిరిగింది. కళ్ళలో నీళ్ళు లేవు, కోపం కూడా లేదు.

"ఎత్తితే నీ పని పోద్ది. నీ పని పోతే ఈ ఇంటి అద్దె ఎవరు కడతారు? పిల్లను తీసుకుని నేనెక్కడికి పోను?"

ఈ మాటకు ఏ అక్క గుండె అయినా తరుక్కుపోవాలి. తరుక్కుపోతుందేమోనని కత్తెరక్క కూడా గ్లాసు పట్టుకుని కాసేపు ఎదురుచూసింది. ఏమీ జరగలేదు. పొద్దున్నుంచి పీకుతున్న భయం మాత్రం పోయింది. దీనికి తెలుసు. తెలిసినా పోదు. తెలిసినా చెప్పదు. రేపూ కాఫీ తెచ్చిస్తుంది. ఇన్నాళ్ళూ ఏ రోజున వెళ్ళిపోతుందో అని బెంగపడింది, ఇక ఆ బెంగ కూడా అక్కర్లేదు. ఆమెకు ఒళ్ళు తేలికపడింది.

"సరే, కంచాలు పెట్టు" అంది. "పొద్దున్నే లేవాలి. లోముద్దలు గట్టిగా చెయ్యి, పొడుగామెకి చెడ్డపేరు రాకూడదు."

చెల్లెలు కంచాలు పెట్టింది. కూర బాగా కుదిరింది. కత్తెరక్క ఆ పూట మారు వడ్డించుకుని తింది.